384 సరిపోతుందా? అనంతపురం పల్లెల్లో సర్వేకి శాంపిల్ సైజు, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ లెక్కకట్టే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఒక పీజీ విద్యార్థిని తన ప్రాజెక్టు డ్రాఫ్ట్ చూపించింది. అనంతపురం జిల్లా పల్లెల్లో ఎంత శాతం కుటుంబాలు తాగే నీళ్లు కొనుక్కుంటున్నాయో తెలుసుకోవాలన్నది ఆమె పని. శాంపిల్ 384 ఇళ్లు. 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 5 శాతం, కాన్ఫిడెన్స్ 95 శాతం' అని రాసుంది. తీసుకున్నది ఎనిమిది ఊళ్లు, ఊరికి 48 ఇళ్లు. మీటింగులో ఒకరు ఒకే ప్రశ్న వేశారు: "384 ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?" ఒక టేబుల్ నుంచి వచ్చింది సార్ అంది. ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు.

టేబుల్‌లో తప్పు లేదు. ఆమె సర్వే చేసిన తీరుకి ఆ టేబుల్ వర్తించదు, అంతే. ఎనిమిది ఊళ్లలో 384 ఇళ్లు అడిగితే వచ్చే అసలు మార్జిన్ 5 కాదు, 12 దాటుతుంది. అది ఎలాగో, సరైన సంఖ్యకి ఎలా చేరుకోవాలో, దాన్ని అడిగినవాళ్ల ముందు ఎలా సమర్థించుకోవాలో అదే నీళ్ల సర్వేని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. ఇందులో ఊళ్ల, ఇళ్ల, ఫలితాల అంకెలన్నీ లెక్క నేర్పడానికి నేను ఊహించి పెట్టినవి. వాటిని జిల్లా వాస్తవాలుగా తీసుకోవద్దు.

మొదటి మెట్టు: దేని శాతం, ఎవరిలో శాతం

మన జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. తాగునీటికి భారత ప్రమాణం IS 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. చాలా ఊళ్ల బోర్లు దాన్ని దాటుతాయి కాబట్టే ఊరూరా ఫిల్టర్ నీళ్ల ప్లాంట్లు, ఆటోల్లో 20 లీటర్ల క్యాన్లు కనిపిస్తాయి. అయితే 'నీళ్లు కొనుక్కుంటారా?' అని ఊరికే అడిగితే ఆ జవాబుని లెక్కించలేం. ఎండాకాలం మాత్రమే కొనేవాళ్లున్నారు, చుట్టాలొస్తే ఒక క్యాన్ తెప్పించేవాళ్లున్నారు.

అందుకే ప్రశ్నని అవునో కాదో తేలేలా రాసుకోవాలి: 'గత 7 రోజుల్లో మీ ఇంట్లో తాగడానికి డబ్బులిచ్చి తెచ్చుకున్న నీళ్లు వాడారా?' కుటుంబం అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం అనుకుందాం. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరే వంట చేసుకుంటే రెండు కుటుంబాలు. ఎవరి గురించి చెబుతున్నామంటే, 2022 ఏప్రిల్ విభజన తర్వాతి అనంతపురం జిల్లా, అంటే 31 మండలాలు, అందులో గ్రామీణ కుటుంబాలు మాత్రమే. పట్టణాలు ఇందులో లేవు కాబట్టి రిపోర్టులో 'జిల్లాలో ఇంత శాతం' అని రాయకూడదు. 'జిల్లా గ్రామీణ కుటుంబాల్లో' అని రాయాలి.

మొత్తం కుటుంబాల్లో 'అవును' అనేవాళ్ల వాటానే మనం కనుక్కోవాలి. దాన్ని p అందాం.

రెండో మెట్టు: ఎంత తేడా వచ్చినా పర్వాలేదు

అందరినీ అడగకుండా కొందరినే అడుగుతాం కాబట్టి వచ్చిన శాతం అసలు శాతానికి కొంచెం అటో ఇటో ఉంటుంది. ఆ 'కొంచెం' ఎంతలోపు ఉండాలో చెప్పే అంకే మార్జిన్ ఆఫ్ ఎర్రర్. దాన్ని d అందాం. 95 శాతం కాన్ఫిడెన్స్ అంటే, ఇదే పద్ధతిలో సర్వేని మళ్లీ మళ్లీ చేస్తే నూటికి సుమారు 95 సార్లు, మనం చెప్పే పరిధిలో అసలు శాతం పడుతుందని అర్థం. అది పద్ధతికి సంబంధించిన హామీ. ఈ ఒక్క సర్వే 95 శాతం కరెక్టు అని కాదు.

d ని 5 అని పెట్టేయడం అలవాటైపోయింది. ఎందుకు 5 అంటే చాలామంది దగ్గర జవాబుండదు. నేనైతే ఇలా అడుగుతాను: ఫలితం చూశాక మీరు ఏ వాక్యం రాయాలనుకుంటున్నారు? ఉదాహరణకి 'సగానికి పైగా గ్రామీణ కుటుంబాలు నీళ్లు కొనుక్కుంటున్నాయి' అన్నది ముఖ్యమైన వాక్యం అనుకోండి. అసలు శాతం 75 దగ్గరుంటే d 10 ఉన్నా పరిధి 65 నుంచి 85, ఆ వాక్యం నిలబడుతుంది. అసలు శాతం 60 దగ్గరుంటే d 10 అయినప్పుడు పరిధి 50ని తాకుతుంది, వాక్యం ఊగిపోతుంది. అప్పుడు 50కి కొంత ఎడం మిగిలేలా d 7 లోపు ఉండాలి. 'మా వాక్యం నిలబడాలంటే 7 లోపు కావాలి' అన్నది కారణం. 'అందరూ 5 తీసుకుంటారు' అన్నది కారణం కాదు.

ఇంకొక సంగతి. మార్జిన్‌ని సగం చేయాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. 10 శాతానికి 97 ఇళ్లు చాలు, 5 శాతానికి 385 కావాలి, 3 శాతానికి 1,068. కాబట్టి అవసరం లేని కచ్చితత్వం అడిగితే ఆ భారమంతా ఎండలో తిరిగేవాళ్ల మీద పడుతుంది.

మూడో మెట్టు: ఇంకా తెలియని శాతాన్ని ముందే ఊహించడం

సూత్రంలో p కూడా కావాలి. దాన్ని తెలుసుకోవడానికేగా సర్వే అని కొత్తవాళ్లకి ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. p×(1−p) అనే గుణకారం p సగం ఉన్నప్పుడే అన్నిటికంటే పెద్దది, 0.25. అంటే p ని 0.5 అనుకుంటే అవసరమయ్యే గరిష్ఠ శాంపిల్ వస్తుంది. అసలు శాతం ఏదైనా అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

పైలట్‌లో రెండు ఊళ్లలో 40 ఇళ్లు అడిగితే 26 మంది అవునన్నారనుకోండి. అది 65 శాతం. దాన్నే సూత్రంలో పెట్టొచ్చా? ఆ పైలట్‌కీ ఒక మార్జిన్ ఉంది కదా. 40 ఇళ్లకి అది దాదాపు 15 శాతం. అంటే అసలు శాతం 50 నుంచి 80 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. రెండు ఊళ్లే కాబట్టి నిజానికి ఇంకా దూరం పోవచ్చు. ఆ పరిధిలో సగానికి దగ్గరగా ఉన్నది 0.5, అదే తీసుకోవాలి. 0.65 తీసుకుంటే 350, 0.5 తీసుకుంటే 385. తేడా 35 ఇళ్లే. ఆ 35 ఇళ్లు మిగుల్చుకోవడానికి బలం లేని పైలట్ మీద ఆధారపడటం నాకు సబబుగా అనిపించదు.

అరుదైన విషయాలకి మాత్రం ఇది పనికిరాదు. నూటికి నలుగురిలో ఉండే జబ్బుకి 5 శాతం మార్జిన్ పెడితే పరిధి సున్నా కిందికి పోతుంది. అక్కడ d ని 1.5 లాంటి చిన్న అంకెగా పెట్టుకుని, p ని 0.04 గా తీసుకుంటే 656 మంది కావాలి.

నాలుగో మెట్టు: అసలు సూత్రం

```
n = z² × p × (1 − p) / d²
n = 1.96² × 0.5 × 0.5 / 0.05² = 384.16
```

ఎక్సెల్‌లో అయితే:

```
=ROUNDUP(1.96^2*0.5*0.5/0.05^2,0)
```

జవాబు 385. శాంపిల్‌ని ఎప్పుడూ పైకే సవరించాలి. సూత్రంలోని z, అంటే ఇక్కడ 1.96, అనేది 95 శాతం కాన్ఫిడెన్స్‌కి వచ్చే అంకె. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ వేసిన ప్రసిద్ధ టేబుల్‌లో 384 ఇలా వచ్చిందే. మన థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే యమానే సూత్రం n = N / (1 + N×e²) కూడా వేరేదేం కాదు. అందులో N అంటే మొత్తం జనాభా, e అంటే మన d. p సగమని, z రెండని ముందే అనుకుని కూర్చున్నారు. అందుకే అది పెద్ద జనాభాకి 400 దగ్గర ఆగుతుంది. ఈ రెండూ వాడితే తప్పు కాదు. అయితే వాటిలో దాగిన ఊహలేమిటో రాసేవాళ్లకి తెలిసుండాలి.

జనాభా పెద్దదైతే శాంపిల్ పెద్దది కావాలన్న భ్రమ కూడా ఉంది. జనాభా చిన్నదైతేనే లెక్క మారుతుంది:

```
n' = n / (1 + (n − 1) / N)
```

600 ఇళ్లున్న ఒకే ఊరిలో సర్వే చేస్తే 385 కాస్తా 235 అవుతుంది. 18,000 ఇళ్లున్న మండలానికి 377. లక్షల ఇళ్లున్న జిల్లాకి 385 దాదాపు 385 గానే ఉంటుంది. కాబట్టి మన సర్వేకి ఈ సవరణ అక్కర్లేదు.

ఐదో మెట్టు: ఊళ్లవారీగా తీసుకుంటే ఏమవుతుంది

ఆ విద్యార్థిని లెక్క తప్పింది ఇక్కడే. పై సూత్రం వెనక ఒక షరతు ఉంది: జిల్లాలోని కుటుంబాలన్నీ ఒకే జాబితాలో ఉండాలి, అందులోంచి లాటరీ తీసినట్టు ఒక్కొక్కరినీ విడిగా ఎంచుకోవాలి. అలా చేస్తే గుంతకల్లు పక్క పల్లెలో ఒక ఇల్లు, కళ్యాణదుర్గం పక్కన ఒక ఇల్లు, రాయదుర్గం అవతల ఇంకొకటి వస్తాయి. అలా తిరగడం ఎవరివల్లా కాదు. అందుకే ముందు ఊళ్లు ఎంచుకుని, ఊరికి కొన్ని ఇళ్లు తీసుకుంటాం. వీటిని క్లస్టర్లు అంటారు.

చిక్కేమిటంటే, ఒకే ఊళ్లోని ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఊళ్లో ఫిల్టర్ ప్లాంటు ఉంటే చాలామంది అక్కడే పట్టుకుంటారు. ఊళ్లో కొళాయికి మంచి నీళ్లు వస్తుంటే కొనేవాళ్లు తగ్గుతారు. అలాంటి ఊళ్లో మొదటి పది ఇళ్లు అడిగాక పదకొండో ఇల్లు కొత్తగా చెప్పేది తక్కువ. 48 ఇళ్లు అడిగినా 48 విడివిడి జవాబులంత సమాచారం రాదు.

ఈ పోలికని ఒక అంకెలో చెప్తారు, ρ అని, పలకడం 'రో'. ఊరికీ ఇంటి జవాబుకీ ఏ సంబంధం లేకపోతే అది సున్నా. ఊరంతా ఒకే జవాబిస్తే 1. ఊరికి m ఇళ్లు తీసుకుంటే, క్లస్టర్ల వల్ల శాంపిల్ ఎన్నింతలు కావాలో చెప్పేది డిజైన్ ఎఫెక్ట్:

```
DEFF = 1 + (m − 1) × ρ
```

ఆమె సర్వేకి వేసి చూద్దాం. m 48, ρ 0.1 అనుకుంటే DEFF 5.7. అంటే 384 ఇళ్లు కలిసి 384 ÷ 5.7, సుమారు 67 విడివిడి ఇళ్లతో సమానం. 67 ఇళ్లకి మార్జిన్ 12 శాతం. ఎనిమిది ఊళ్లే ఉన్నాయి కాబట్టి 1.96 బదులు ఇంకా పెద్ద గుణకం వాడాలి, దాంతో అది 14 దాకా పోతుంది. రాసింది 5, ఉన్నది 14.

మరి ρ ఎక్కణ్నుంచి తేవాలి? అన్నిటికంటే మంచిది, ఇలాంటి ప్రశ్నతో ఇలాంటి పల్లెల్లో ఇంతకుముందు జరిగిన సర్వేలో లెక్కకట్టిన విలువ. మనిషికో తీరుగా ఉండే జబ్బులకి ρ చిన్నగా, 0.05 లోపు ఉండటం మామూలు. నీళ్లు, మరుగుదొడ్డి, కరెంటు లాంటి ఊరి వసతులతో ముడిపడ్డవాటికి ఎక్కువ ఉంటుంది, 0.2 దాటడం కూడా అరుదేం కాదు. మన ప్రశ్నలో రెండూ కలిసున్నాయి. ప్లాంటు ఊరిది, కొనే స్తోమత ఇంటిది. పైగా ప్లాంటు లేని ఊళ్లకీ ఆటోలో క్యాన్లు వస్తాయి. అందుకే 0.1 ని మధ్య విలువగా పెట్టుకుంటాను. నా ఊహ తప్పితే ఏమవుతుందో చూడటానికి 0.05, 0.2 తో కూడా లెక్క వేస్తాను. రెండు ఊళ్ల పైలట్ నుంచి ρ ని తీయడానికి ప్రయత్నించొద్దు. రెండు ఊళ్ల మధ్య తేడా చూసి జిల్లాలోని ఊళ్ల మధ్య తేడా చెప్పలేం.

కొన్ని గైడ్లు 'డిజైన్ ఎఫెక్ట్ 2 తీసుకోండి' అని చెప్పేస్తాయి. టీకాల కవరేజీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడిన 30 క్లస్టర్లు, క్లస్టర్‌కి 7 గురు పిల్లలు అన్న పాత డిజైన్‌లో ఆ 2 ఉంది. 10 శాతం మార్జిన్‌కి 96 మంది, దానికి రెండింతలు 192, 30 క్లస్టర్లకి పంచితే తలా 7, మొత్తం 210. అక్కడ m 7. మనం m 48 పెట్టుకుని అదే 2 ని తెచ్చుకుంటే, ρ దాదాపు 0.02 అని ఒప్పుకున్నట్టు. నీళ్ల విషయంలో అది నమ్మశక్యం కాదు.

ఆరో మెట్టు: ఊళ్లెన్ని, ఊరికి ఇళ్లెన్ని

5 శాతం మార్జినే కావాలని పట్టుబడితే: m 12, ρ 0.1, DEFF 2.1. 385 × 2.1 అంటే 809 ఇళ్లు. కొన్ని ఇళ్ల జవాబు దొరకదు. పదింట తొమ్మిది దొరుకుతాయనుకుంటే 809 ÷ 0.9 = 899. ఇక్కడ చాలామంది 10 శాతం కలుపుతారు, అది తక్కువ పడుతుంది. కలపకూడదు, 0.9 తో భాగించాలి. ఊరికి 12 చొప్పున 75 ఊళ్లు, 900 ఇళ్లు.

ఇప్పుడు చేతిలో ఉన్నదేమిటో చూడాలి. ఇద్దరు సర్వేయర్లు, 20 పనిదినాలు. ఒకరు ఒక రోజులో ఒక ఊరికి వెళ్లి, ఇళ్ల జాబితా చూసుకుని, 12 ఇళ్లు పూర్తి చేసి సాయంత్రం బస్సు అందుకోగలరు. అంటే 40 ఊళ్లు, 480 ఇళ్లు. 900 కుదరదు. అప్పుడు లెక్కని వెనక నుంచి వేయాలి: 480 కి మార్జిన్ ఎంత? అదే 480 ని రకరకాలుగా పంచి చూడండి, ρ 0.1 తో, అన్నిటికీ 1.96 గుణకంతోనే:

| ఊళ్లు | ఊరికి ఇళ్లు | DEFF | మార్జిన్ (శాతం) |
|---|---|---|---|
| 8 | 60 | 6.9 | 11.7 |
| 20 | 24 | 3.3 | 8.1 |
| 40 | 12 | 2.1 | 6.5 |
| 80 | 6 | 1.5 | 5.5 |

ఇళ్లు అన్నేసి ఉన్నా మార్జిన్ ఎంత మారుతుందో గమనించండి. కచ్చితత్వాన్ని ఇచ్చేది ఊళ్ల సంఖ్య. ఒకే ఊళ్లో ఇంకో పది ఇళ్లు అడగడం కంటే ఇంకో ఊరికి వెళ్లడం మేలు. 80 ఊళ్లు ఇంకా బాగుంటాయి కానీ మనకి రోజుకి ఒక ఊరే కుదురుతుంది. కాబట్టి 40 × 12. పదింట ఒక ఇంటి జవాబు దొరకకపోతే 432 మిగులుతాయి, మార్జిన్ సుమారు 6.6. మన వాక్యానికి 7 లోపు కావాలనుకున్నాం, సరిపోతుంది. 480 నే పెట్టుకుని ρ 0.05 అయితే 5.6, 0.2 అయితే 8.0. ఈ చివరి అంకెని దాచకూడదు, రిపోర్టులో పెట్టాలి.

ఏడో మెట్టు: ఊళ్లనీ ఇళ్లనీ ఎంచుకోవడం

తెలిసిన ఊళ్లు, బస్సు దొరికే ఊళ్లు ఎంచుకుంటే ఇప్పటిదాకా వేసిన లెక్కంతా వృథా. మార్జిన్ అనే మాటకి అర్థం లాటరీ ఎంపిక వల్లే వస్తుంది.

గ్రామాల జాబితా తీసుకుని, ఒక్కో ఊరి పక్కన ఇళ్ల సంఖ్య, దాని పక్కన అంతవరకు కూడిన మొత్తం రాసుకోండి. మొత్తం 4,00,000 అనుకుందాం. 40 తో భాగిస్తే 10,000, అది మన అడుగు. 1 నుంచి 10,000 లోపు ఒక అంకెని లాటరీగా తీయండి, 3,417 వచ్చిందనుకోండి. కూడిన మొత్తాల్లో 3,417వ ఇల్లు ఏ ఊళ్లో పడుతుందో అది మొదటి ఊరు. తర్వాత 13,417, 23,417, అలా నలభై వరకు. పెద్ద ఊళ్లు ఎక్కువగా ఎంపికవుతాయి, అది అన్యాయం కాదు. 400 ఇళ్ల ఊరికి ఎంపికయ్యే అవకాశం 4 శాతం, అందులో 12 ఇళ్లంటే ఇంటికి 3 శాతం. 2,000 ఇళ్ల ఊరికి 20 శాతం, అక్కడ ఇంటికి 0.6 శాతం. గుణిస్తే రెండు చోట్లా 0.12 శాతమే. ప్రతి ఇంటికీ సమాన అవకాశం దక్కింది కాబట్టి చివర్లో వెయిట్లు వేసే పని, అంటే ఒక్కో ఇంటి జవాబుకి వేర్వేరు బరువు ఇచ్చే పని తప్పుతుంది. ఊళ్లని ఇలా కాకుండా చిన్నా పెద్దా చూడకుండా లాటరీ తీసి, అన్నింట్లో 12 ఇళ్లే అడిగితే చిన్న ఊళ్ల మాట ఎక్కువైపోతుంది, అప్పుడు వెయిట్లు తప్పనిసరి.

ఊళ్లో ఇళ్లకి అంగన్‌వాడీ సర్వే రిజిస్టర్ లాంటి జాబితా అనుమతితో దొరికితే మంచిది. లేకపోతే వీధులు తిరిగి తలుపులు లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్కలో ఎస్సీ కాలనీ, ఊరి బయట కొత్తగా కట్టిన ఇళ్లు వదిలిపెట్టకుండా చూడండి. రచ్చబండ దగ్గర మొదలుపెట్టి వరసగా 12 ఇళ్లు అడిగితే వచ్చేది ఊరి జవాబు కాదు, ఆ వీధి జవాబు.

తాళం వేసిన ఇల్లు వస్తే పక్కింటికి పోవద్దు. సాయంత్రం ఇంకోసారి వెళ్లాలి, అప్పటికీ లేకపోతే 'జవాబు లేదు' అని రాసుకోవాలి. మన దగ్గర వేరుశనగ పంట పోయిన ఏడాది కుటుంబాలు బెంగళూరుకి పనికి పోవడం కొత్త కాదు. ఆ ఇళ్ల సంగతి ఉన్నవాళ్ల సంగతి ఒకటి కాకపోవచ్చు.

ఎనిమిదో మెట్టు: సమర్థన పేరా

ప్రపోజల్‌లో ఇలా రాస్తే అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు:

'అనంతపురం జిల్లా గ్రామీణ కుటుంబాల్లో గత 7 రోజుల్లో తాగునీరు కొన్నవారి శాతాన్ని అంచనా వేయడం ఈ సర్వే ఉద్దేశం. ఈ శాతం సగానికి పైన ఉందా లేదా అన్నది తేల్చడానికి 95 శాతం కాన్ఫిడెన్స్‌తో 7 శాతం లోపు మార్జిన్ అవసరమని భావించాం. నమ్మదగిన ముందస్తు అంచనా లేనందున p ని 0.5 గా తీసుకున్నాం. కుటుంబాలను గ్రామాల వారీగా ఎంచుకుంటున్నందున, గ్రామానికి 12 ఇళ్లు, ρ 0.1 చొప్పున డిజైన్ ఎఫెక్ట్ 2.1 అవుతుంది. అందుబాటులో ఉన్న సిబ్బందితో 40 గ్రామాల్లో 480 ఇళ్లు సాధ్యం. 90 శాతం జవాబులు వస్తే అంచనా మార్జిన్ 6.6 శాతం. 480 ఇళ్లూ దొరికినా, ρ 0.2 అయితే అది 8 శాతం వరకు పెరగవచ్చు.'

సిబ్బంది పరిమితిని రాయడానికి మొహమాటపడొద్దు. ముందు 480 అని నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు సూత్రంలో అంకెలు సర్దడం మాత్రం మోసం. పరిమితి ఇది, దానితో వచ్చే మార్జిన్ ఇది, అది మా ప్రశ్నకి చాలుతుంది అని వరసగా చెప్పడం నిజాయితీ.

తొమ్మిదో మెట్టు: సర్వే అయ్యాక

ముందు వేసింది అంచనా. డేటా వచ్చాక మార్జిన్‌ని మళ్లీ లెక్కకట్టాలి, ప్రపోజల్‌లోని అంకెని రిపోర్టులోకి ఎత్తిరాయకూడదు.

432 ఇళ్లలో 268 మంది అవునన్నారనుకోండి, 62.0 శాతం. మామూలు సూత్రంతో మార్జిన్ 4.6 వస్తుంది, అది తప్పుడు ధైర్యం. ఊళ్లవారీగా ఇలా చేయాలి: 40 ఊళ్లకి విడివిడిగా శాతాలు రాసి, వాటి మధ్య తేడాని కొలవాలి. ఎక్సెల్‌లో ఆ 40 శాతాలు B2 నుంచి B41 వరకు దశాంశాల్లో ఉంటే:

```
=T.INV.2T(0.05,39)*STDEV.S(B2:B41)/SQRT(40)
```

STDEV.S విలువ 0.21 వస్తే మార్జిన్ 0.067, అంటే 6.7 శాతం. 39 ఎందుకంటే ఊళ్లు 40 కాబట్టి, ఒకటి తక్కువ. అన్ని ఊళ్లలో ఇళ్లు దాదాపు సమానంగా దొరికినప్పుడు ఈ సులువు పద్ధతి సరిపోతుంది. ఒక ఊళ్లో 12, ఇంకో ఊళ్లో 4 దొరికితే సర్వే డేటాకి ప్రత్యేకించిన ప్యాకేజీ వాడటం మంచిది.

ఈ ఫలితం నుంచి DEFF 2.0 కి దగ్గరగా, ρ 0.1 కి దగ్గరగా వస్తాయి. మన ఊహ నిలిచింది. ఒకవేళ ρ 0.25 వచ్చి మార్జిన్ 9 అయి ఉంటే, అదే రాయాలి. మీ ρ ని తప్పకుండా రిపోర్టులో పెట్టండి. రేపు కర్నూలులోనో కడపలోనో ఇదే ప్రశ్న అడగబోయే విద్యార్థికి అంతకంటే పనికొచ్చే అంకె ఉండదు.

ఇదే డేటాతో చిన్న గుంపుల గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. 432 లో 120 ఇళ్లు ఎస్సీ కాలనీలవి అనుకోండి, ఊరికి సగటున మూడు. వాటికి DEFF 1.2 మాత్రమే, అయినా 120 కాస్తా 100 అయి మార్జిన్ 10 దగ్గరకి పోతుంది. కాలనీల శాతం కచ్చితంగా కావాలంటే వాటికి వేరే శాంపిల్ మొదట్లోనే వేసుకోవాల్సింది.

ఇక జవాబు దొరకని 48 ఇళ్లు. శాంపిల్‌ని 0.9 తో భాగిస్తే సంఖ్య నిండుతుంది కానీ వాళ్ల జవాబు మనకి రాదు. మార్జిన్‌లో వాళ్ల ఊసు లేదు. కనీసం హద్దులు చూసుకోవచ్చు: 48 మందీ కొననివాళ్లే అయితే 268 ÷ 480, అంటే 55.8 శాతం. అందరూ కొనేవాళ్లే అయితే 316 ÷ 480, అంటే 65.8. వలస పోయిన ఇళ్లు కాబట్టి నిజం మొదటి అంకె వైపే ఉండొచ్చు. ఆ 55.8 కి కూడా దాని మార్జిన్ కలిపితే కింది హద్దు సగం కిందికి దిగుతుంది. కాబట్టి ఈ సర్వే చెప్పగలిగే వాక్యం ఇది: 'జవాబిచ్చిన గ్రామీణ కుటుంబాల ఆధారంగా 62.0 శాతం నీళ్లు కొంటున్నాయి (95 శాతం కాన్ఫిడెన్స్ పరిధి 55.3 నుంచి 68.7, 40 గ్రామాలు, 432 ఇళ్లు, DEFF 2.0). తాళం వేసిన 48 ఇళ్లలో ఎవరూ కొనడం లేదనుకుంటే అంచనా 55.8 కి తగ్గుతుంది, అప్పుడు సగానికి పైగా అని నిశ్చయంగా చెప్పలేం.'